28 రోజుల క్యూబులు ఫెయిలయ్యాయి. డైరెక్టర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

తడి_క్యూబ్ (బుధవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో క్యూసీ చూస్తున్నాను. మూడేళ్ల అనుభవం. నిన్న 4వ అంతస్తు కాలమ్స్ 28 రోజుల క్యూబులు పగలగొట్టాం. ఎం30 కాంక్రీటు, 17 కాలమ్స్, మొత్తం 18 క్యూబిక్ మీటర్లు. మూడు బండ్లు వచ్చాయి, బండికి ఒక శాంపిల్, శాంపిల్‌కి మూడు క్యూబులు. మొదటి బండి సగటు 35.1 ఎంపీఏ, రెండోది 34.2. మూడో బండి క్యూబులు మాత్రం 549, 565, 567 కిలోన్యూటన్ల దగ్గరే పగిలిపోయాయి. అంటే 24.4, 25.1, 25.2. సగటు 24.9.

మూడోది పగిలాక మిషన్ దగ్గరున్న కుర్రాడు పెన్ను పైకెత్తి పట్టుకుని నావైపు చూశాడు. "మేడమ్, రాసేయమంటారా?" అన్నాడు. ఆ ప్రశ్నలో అన్నీ ఉన్నాయి. రాయమన్నాను, ఆ పేజీ ఫోటో కూడా తీసుకున్నాను.

మా పీఎం సార్ ఏమంటారంటే, మూడు శాంపిళ్లూ కలిపి సగటు వేస్తే 31.4 వస్తుంది, ఎం30కి పాసే, సోమవారం నెల రిపోర్టులో అదే పెట్టు అని. సైట్‌లో ఇంకో సీనియర్ ఏమో, "నేరుగా డైరెక్టర్‌కి బిల్డింగ్ డేంజర్‌లో ఉందని కొట్టు, అప్పుడే కదులుతారు" అంటున్నాడు. నాకు రెండూ మింగుడు పడటం లేదు. పైన 5వ, 6వ స్లాబులు ఇప్పటికే పడ్డాయి. 7వది ఎల్లుండి శుక్రవారం.

ఏం రాయాలి, ఎవరికి రాయాలి, ఎంత రాయాలి?

---

స్పీడ్_స్లాబ్

పీఎం చెప్పింది కరెక్టే కదండీ. 31.4 అంటే 30 దాటింది. అయినా 24.9 అంటే 83 శాతం వచ్చినట్టే. డిజైన్‌లో కాంక్రీటుకి 1.5 సేఫ్టీ ఫ్యాక్టర్ పెడతారు, ఊరికే పెడతారా? పదిహేనేళ్లుగా సైట్లు నడుపుతున్నాను, క్యూబ్ ఫెయిలై బిల్డింగ్ కూలిన చోటు నేను చూడలేదు. సగం క్యూబులు వేసే కుర్రాళ్ల తప్పే. సరిగ్గా కుదించరు, మోల్డ్ విప్పి ఎండలో పడేస్తారు. రీబౌండ్ హామర్ తెచ్చి ఆ కాలమ్స్ మీద నాలుగు దెబ్బలు కొట్టండి, 30 పైన చూపిస్తే ఫైల్‌లో పెట్టి క్లోజ్ చేసేయండి. దీనికి డైరెక్టర్ దాకా ఎందుకు?

---

సెంట్రింగ్_తాత

అమ్మా, ముందు ఆ 31.4 సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ దాచడం అబద్ధం చెప్పకుండానే జరిగిపోతోంది. 35.1, 34.2, 24.9 కలిపి మూడుతో భాగిస్తే 31.4 వస్తుంది, లెక్క తప్పు కాదు. కానీ కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లో ఆ లెక్క ఎవరూ అడగలేదు. అక్కడ రెండు గీతలున్నాయి. వరసగా వచ్చిన నాలుగు శాంపిళ్ల సగటు గ్రేడు కంటే కనీసం 3 ఎక్కువ ఉండాలి, అంటే ఎం30కి 33. పైగా ఏ ఒక్క శాంపిలూ గ్రేడు కంటే 3కి మించి తగ్గకూడదు, అంటే 27. కొందరి దగ్గర సవరణకు ముందు పుస్తకం ఉంటుంది, అందులో ఆ 3 బదులు 4 ఉంటుంది, అలా చూసినా గీత 26. మూడో బండి ఏ పుస్తకంతో చూసినా కిందే ఉంది. సగటు వేసినా 33 లేదు. కాబట్టి పీఎం గారి సగటు కూడా పాస్ కాదు, మధ్యలో ఎక్కడో వేలాడే అంకె.

అసలు కారణం ఇంకొకటి. మొదటి బండి కాంక్రీటు మొదటి కాలమ్స్‌లో ఉంది, మూడో బండిది చివరి కాలమ్స్‌లో ఉంది. సి3లో ఉన్న 35 వచ్చి సి15ని మోయదు. వాటిని కలిపి సగటు వేయడమే తప్పు.

ఇప్పుడు రెండో వైపు. 30 కంటే తగ్గిన ప్రతి క్యూబూ ఫెయిల్ కాదు. నూటికి ఐదు ఫలితాలు 30 కంటే తగ్గొచ్చని కోడే ఒప్పుకుంటుంది. నీకు 28.5 వచ్చి ఉంటే ఈ చర్చే అక్కర్లేదు. 24.9 అంటే గీత కంటే 2.1 తక్కువ. అది ఫెయిలే, అందులో సందేహం లేదు. కానీ కూలిపోయే అంకె కూడా కాదు. మీ సీనియర్ చెప్పిన "డేంజర్" అనే మాటకి నీ దగ్గర ఆధారం లేదు. క్యూబ్ చెప్పేది బండిలోంచి వచ్చిన కాంక్రీటు గురించి, కాలమ్ గురించి కాదు. కాలమ్ సంగతి నీకు ఇంకా తెలియదు. తెలియదనే రాయాలి.

సేఫ్టీ ఫ్యాక్టర్ గురించి చెప్పిన తమ్ముడికి ఒక్క మాట. ఆ 1.5 ఊరికే పెట్టలేదు, నిజమే. కాలమ్‌లో కుదింపు, క్యూరింగ్ క్యూబ్ అంత బాగా ఉండవని ముందే లెక్కలో తీసేసింది అది. బండిలోనే తక్కువ వచ్చిన దానికి కూడా దాన్నే వాడేస్తే ఒకే రూపాయిని రెండు చోట్ల ఖర్చు పెట్టినట్టు.

నాకు నీ దగ్గర్నుంచి మూడు విషయాలు కావాలి. మూడో బండి ఏ కాలమ్స్‌లో పడిందో రికార్డు ఉందా? అదే బండి 7 రోజుల ఫలితం ఎంత? బండి ఎన్నింటికి బయలుదేరి ఎన్నింటికి ఖాళీ అయింది?

---

తడి_క్యూబ్

తాతగారూ, థాంక్సండి. పోర్ కార్డ్ ఉంది. మూడో బండి సి13 నుంచి సి17 దాకా పూర్తిగా, సి12 పై సగంలో పడింది. చలానాలో ప్లాంట్ దగ్గర 5:40, సైట్‌లో ఖాళీ అయింది 8:05.

7 రోజుల ఫలితం 17.2. అప్పుడే చూశాను. తక్కువనిపించింది కానీ "28కి వచ్చేస్తుందిలే" అన్నారు, నేనూ ఊరుకున్నాను. ఇంకొకటి. ఆ సాయంత్రం మొదటి రెండు బండ్లకి నేను స్లంప్ చూశాను. మూడో బండి వచ్చేసరికి నా షిఫ్ట్ అయిపోయింది. దానికి స్లంప్ రికార్డు లేదు.

మెయిల్ డ్రాఫ్ట్ ఒకటి రాశాను (మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది, ఇక్కడ తెలుగులో పెడుతున్నా):

"సార్, 4వ అంతస్తు కాలమ్స్‌లో అత్యంత తీవ్రమైన నాణ్యతా లోపం బయటపడింది. క్యూబులు దారుణంగా ఫెయిలయ్యాయి. ఆర్‌ఎంసీ సప్లయర్ నిర్లక్ష్యం వల్ల, సైట్‌లో నీళ్లు కలపడం వల్ల ఇలా జరిగింది. భవనం భద్రత దృష్ట్యా వెంటనే పనులన్నీ నిలిపివేయాల్సిందిగా కోరుతున్నాను."

చదువుకుంటే నాకే భయం వేసింది.

---

ల్యాబ్_కోటు

నేను సివిల్ కాదు, ఫార్మా క్యూసీ. టైటిల్ చూసి లోపలికొచ్చాను. మీ కథ చదువుతుంటే మా ల్యాబ్‌లో కూర్చున్నట్టే ఉంది. పరిమితి దాటిన ఫలితం వస్తే మేము ఓఓఎస్ అంటాం. మా దగ్గర కూడా మొదట వచ్చే ఆలోచన ఇదే, మళ్లీ చేద్దాం, పాసయ్యే దాకా చేద్దాం, అన్నీ కలిపి సగటు వేద్దాం. అమెరికాలో 1993లో బార్ ల్యాబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసు తీర్పు దీని మీదే వచ్చింది. అప్పటినుంచి మాకు పద్ధతి మారింది. ముందు ల్యాబ్ తప్పు ఉందా అని చూడాలి, తప్పు దొరికితే కాగితం మీద చూపించాలి. దొరకకపోతే మొదటి ఫలితం అలాగే ఉంటుంది. తర్వాత ఎన్ని మంచి అంకెలు వచ్చినా అది చెరగదు.

నా మొదటి ఉద్యోగంలో ఒక బ్యాచ్ అస్సే, అంటే అందులో ఉన్న మందు శాతం, 93 వచ్చింది, పరిమితి 95. మా మేనేజర్ "సాంపిల్ ప్రిపరేషన్ ఎర్రర్" అని రాయమన్నారు. ఏ ఎర్రర్ అని అడిగితే "ఏదో ఒకటి" అన్నారు. రాశాను. ఆర్నెల్లకు ఆడిట్‌లో ఆ ముక్క దగ్గరే వేలు పెట్టి, "ఏ ఎర్రర్?" అని నన్నే అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే అడుగుతున్నా. మీ మిషన్ సంగతి చూశారా? క్యాలిబ్రేషన్ ఉందా? క్యూబులు ట్యాంకులోనే ఉన్నాయా? "క్యూబులు వేసే కుర్రాళ్ల తప్పు" అని పైన ఒకరన్నారు, ఉండొచ్చు, కానీ ఏ తప్పో చూపించాలి కదా.

---

సెంట్రింగ్_తాత

ఈ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. దానికి క్యూబులే సగం జవాబు చెప్తున్నాయి. ఒక శాంపిల్‌లో మూడు క్యూబులూ సగటు నుంచి 15 శాతం లోపల ఉంటేనే ఆ శాంపిల్ లెక్కకు వస్తుంది. నీవి 24.4, 25.1, 25.2, దాదాపు అంటుకుని ఉన్నాయి. ఒక క్యూబ్ సరిగ్గా కుదించకపోతే అదొక్కటే పడిపోయేది. మూడూ ఒకే చోట పడ్డాయంటే కాంక్రీటే అలా ఉండాలి, లేదా మూడింటికీ ఒకే అన్యాయం జరిగి ఉండాలి. అదే రోజు, అదే మిషన్ మీద మిగతా ఆరూ బాగానే వచ్చాయి కాబట్టి మిషన్ మీద అనుమానం తక్కువ. 7 రోజులకు 17.2 కూడా అటే చూపిస్తోంది.

ఇప్పుడు నీ డ్రాఫ్ట్. "అత్యంత", "దారుణంగా", "తీవ్రమైన" ఈ మూడూ తీసెయ్యి. వాటి బదులు 24.9, ఉండాల్సింది 27 అని పెట్టు. ఆ మాటలన్నీ ఉన్న మెయిల్‌లో ఒక్క అంకె కూడా లేదు చూశావా? డైరెక్టర్ చదివి నీకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట "ఎంత?" అనే.

సప్లయర్ నిర్లక్ష్యం, నీళ్లు కలపడం అన్న వాక్యం తీసెయ్యి. "పనులన్నీ నిలిపివేయాలి" కూడా తీసెయ్యి. 17 కాలమ్స్‌లో 11కి ఈ బండితో సంబంధమే లేదు. నీకు కావాల్సింది ఆరు కాలమ్స్ మీద కొత్త బరువు పడకుండా ఉండటం, కన్సల్టెంట్ చూసేదాకా. అంతే అడుగు. ఎక్కువ అడిగితే ఏదీ ఇవ్వరు.

7 రోజుల సంగతి, స్లంప్ లేని సంగతి నువ్వే రాయి. ఎవరో తవ్వి తీస్తే అది దాచినట్టు అవుతుంది. ఒక వాక్యం చాలు, క్షమాపణలు అక్కర్లేదు.

మరో ముఖ్యమైన విషయం తేదీ. నెల రిపోర్టు సోమవారం. స్లాబ్ శుక్రవారం. రిపోర్టులో ప్రతి అక్షరం నిజమే రాసినా, అది చేరేసరికి ఆ కాలమ్స్ మీద ఇంకో స్లాబ్ కూర్చుని ఉంటుంది. మెయిల్ రేపు పొద్దున్నే వెళ్లాలి. పీఎంకి ముందు చూపించు. ఆయన్ని దాటి వెళ్లకు, ఆయన ఒప్పుకోలేదని ఆగిపోకు. "సార్, పది గంటలకు పంపుతున్నాను, మీ మాట ఏదైనా ఉంటే కలుపుతాను" అను.

---

ఈఎంఐ_జీవి

అండీ, నేను ఇంజనీర్‌ని కాదు, ఫ్లాట్ కొనుక్కున్నవాణ్ణి. మా హాల్లో స్లాబ్‌కి సన్నగా పగులు వచ్చింది, ఫ్యాన్ హుక్ దగ్గర మొదలై గోడ దాకా. ఈ క్యూబ్ టెస్ట్ మా ఫ్లాట్‌కి చేయించాలంటే ఎవర్ని పిలవాలి? ఎంత అవుతుంది?

---

ఎడారి_ఇంజనీరు

ఈఎంఐ గారూ, క్యూబ్ అనేది కాంక్రీటు పోసే రోజే మోల్డ్‌లో నింపి పెట్టుకునేది. మీ స్లాబ్‌కి ఇప్పుడు చేయలేరు. పగులు సంగతి వేరే టాపిక్‌గా పెట్టండి, ఫోటోలతో.

తడి_క్యూబ్ గారూ, నేను దుబాయ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. నేను పని చేసిన సైట్లలో క్యూబులు బయటి ల్యాబ్‌కి వెళ్లేవి, ఫలితం మాతో పాటే కన్సల్టెంట్‌కీ వెళ్లేది. "రాయమంటారా" అనే ప్రశ్నే పుట్టేది కాదు. మీ సైట్‌లో ల్యాబ్ కాంట్రాక్టర్ చేతిలో ఉంది, ఆ కష్టం నాకు అర్థమైంది.

కానీ తాతగారితో ఒక చోట నాకు పేచీ. నీళ్లు కలిపారన్న మాట డ్రాఫ్ట్‌లో ఉంది. అది ఎక్కడిది? నిజంగా ఎవరైనా చూశారా? చూసి ఉంటే తీసేయడం కూడా దాచడమే కదా.

---

తడి_క్యూబ్

పంపు దగ్గర పనిచేసే ఒకాయన చెప్పాడు. బండి హెల్పర్ డ్రమ్ములోకి పైపు పెట్టాడని, "రెండు నిమిషాలు పెట్టాడమ్మా" అని. ఇంకెవరూ చూడలేదు. రేపు ఎవరైనా అడిగితే తను చెప్పడట.

---

సెంట్రింగ్_తాత

అయితే అది కారణం కాదు, ఒక మనిషి చెప్పిన మాట. మొదటి మెయిల్‌లో "కారణం ఇంకా తెలియదు" అని రాసి, రికార్డులో ఉన్న సమయాలు పెట్టు. 5:40 నుంచి 8:05 అంటే రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. ఆర్‌ఎంసీకి మామూలుగా రెండు గంటలు అంటారు, రిటార్డర్ వేస్తే ఇంకొంచెం. గట్టిపడిన కాంక్రీటుకి నీళ్లు కొట్టడం కొత్తేం కాదు, నాకూ అదే అనుమానం. కానీ నా అనుమానం నీ మెయిల్‌లో ఎందుకు? సప్లయర్ దగ్గర బ్యాచ్ రిపోర్టు అడగండి, సిమెంటు ఎంత, నీళ్లు ఎంత అని బండి వారీగా ఉంటుంది. నీళ్ల మాట విచారణలో చెప్పు, ఆ మనిషి ఒప్పుకుంటే.

---

ఎడారి_ఇంజనీరు

నేనింకా ఒప్పుకోవడం లేదు. "ఒక వర్కర్ చెప్పాడు, నిర్ధారణ కాలేదు" అని ఒక లైన్ రాస్తే ఏం పోతుంది? డైరెక్టర్‌కి రేపు ఇంకోచోట తెలిస్తే "నీకు ముందే తెలుసా" అంటారు.

---

స్పీడ్_స్లాబ్

ఒక లైన్ రాస్తే ఆ వర్కర్ ఉద్యోగం పోతుంది. అది పోతుంది. పంపు దగ్గర ఎంతమంది ఉంటారు, ఇద్దరు. ఎవరో పట్టుకోలేరా?

సగటు గురించి నాది తప్పే, నాలుగు శాంపిళ్లు, 33 అన్నది మర్చిపోయాను. హామర్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

---

సెంట్రింగ్_తాత

వర్కర్ గురించి నువ్వు చెప్పింది నాకు తట్టలేదు, మంచి మాట.

హామర్ తీసుకెళ్లండి, కానీ పాస్ చేయడానికి కాదు. అది పైపొరనే చూస్తుంది, తడి, మూలలు, లోపలి రాయి అన్నీ దాని అంకెను మారుస్తాయి. స్ట్రెంగ్త్ అంచనా ప్లస్ మైనస్ 25 శాతం దాకా పోవచ్చు. 30కి అది 22 నుంచి 38 దాకా. ఆ వెడల్పులో ఏ వాదన అయినా దూరుతుంది. దాంతో ఒక పని బాగా అవుతుంది, పోల్చడం. అదే రోజు పోసిన సి1 నుంచి సి6 మీద కొట్టు, తర్వాత సి13 నుంచి సి17 మీద కొట్టు. ఒకే మనిషి, ఒకే హామర్, ఒకే ఎత్తు. రెండు గుంపులూ ఒకేలా ఉంటే క్యూబుల మీద అనుమానం పెరుగుతుంది. తేడా కనిపిస్తే కాలమ్స్ మీద.

తేల్చేది కోర్ టెస్ట్, కాలమ్‌లోంచి తొలిచి తీసిన ముక్కల మీద చేసేది. కనీసం మూడు కోర్లు. సగటు గ్రేడులో 85 శాతం ఉండాలి, అంటే 25.5. ఏ ఒక్కటీ 75 శాతం, అంటే 22.5 కంటే తగ్గకూడదు. ఎక్కడ తీయాలో కన్సల్టెంటే గీసి ఇవ్వాలి, రాడ్డు తెగకుండా లొకేటర్ పెట్టి చూడాలి. కోర్లు రెండు రోజులు నీళ్లలో నానాలి. అవన్నీ కలిపి వారం అనుకో.

---

తడి_క్యూబ్ (గురువారం, ఉదయం 7:30)

ఇది పంపబోతున్నాను. పీఎం సార్‌కి రాత్రే పంపాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

"సబ్జెక్ట్: 4వ అంతస్తు కాలమ్స్ సి12–సి17, 28 రోజుల క్యూబులు ఫెయిల్. శుక్రవారం స్లాబ్‌పై ఈరోజు నిర్ణయం కావాలి.

సార్, మంగళవారం పరీక్షించిన మూడు శాంపిళ్లలో ఒకటి ఫెయిలైంది. మూడో బండి సగటు 24.9 ఎంపీఏ, ఒక్కో శాంపిల్‌కి ఉండాల్సిన కనీసం 27. మిగతా రెండు బండ్లు 35.1, 34.2. పోర్ కార్డ్ ప్రకారం మూడో బండి కాంక్రీటు సి13 నుంచి సి17 దాకా, సి12 పై సగంలో ఉంది. మిగతా 11 కాలమ్స్‌లో అది లేదు.

కాలమ్స్ బలం సరిపోతుందా లేదా అన్నది ఈ ఫలితంతో చెప్పలేం. అది కోర్ టెస్ట్‌తో తేలుతుంది, సుమారు వారం పడుతుంది. అప్పటిదాకా ఈ ఆరు కాలమ్స్ మీద బరువు పడే భాగంలో స్లాబ్ వేయకుండా ఉండటానికి, స్ట్రక్చరల్ కన్సల్టెంట్‌ని ఈరోజే పిలవడానికి మీ అనుమతి కావాలి. మిగతా భాగం వేయొచ్చా అన్నది ఆయన చెప్పాలి.

కారణం ఇంకా తెలియదు. బండి 5:40కి బయలుదేరి 8:05కి ఖాళీ అయింది. బ్యాచ్ రిపోర్టు అడుగుతున్నాం. ఈ బండికి సైట్‌లో స్లంప్ కొలవలేదు. దీని 7 రోజుల ఫలితం 17.2 వచ్చినప్పుడు తక్కువని చూశాను, పైకి తెలియజేయలేదు. రిజిస్టర్ పేజీ, చలానా, పోర్ కార్డ్ జతచేశాను."

---

ల్యాబ్_కోటు

"ఫెయిల్" అనే మాట సబ్జెక్ట్‌లోనే ఉంది, బాగుంది. మా వాళ్లు "అబ్జర్వేషన్" అని రాస్తారు, చదివినవాడికి నాలుగో పేరా దాకా సంగతి తెలియదు.

ఒక్క చోట ఆగాను. "తెలియజేయలేదు" దగ్గర నీ పేరు పక్కన "ఊరుకోమన్నవాళ్ల" పేరు లేదు. కావాలనే వదిలావా?

---

తడి_క్యూబ్

కావాలనే. ఊరుకోమన్నారు నిజమే, కానీ రిజిస్టర్‌లో సంతకం నాది. ఇది తప్పో ఒప్పో నాకు తెలియదు.

---

తడి_క్యూబ్ (గురువారం, రాత్రి 8:40)

పది గంటల ఐదు నిమిషాలకు పంపాను. పదిన్నరకు డైరెక్టర్ గారి ఫోన్. నేను అరుపులకు సిద్ధపడి ఉన్నాను. ఆయన అడిగింది రెండే. ఆ ఆరు కాలమ్సే అని ఎలా తెలుసు? స్లాబ్ సగం ఆపితే ఎన్ని రోజులు పోతాయి? పోర్ కార్డ్ చూసి చెప్పాను. రోజుల సంగతి పీఎం సార్ చెప్పారు. ఆయన నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు, తర్వాత వచ్చి "ఎన్‌సీఆర్ నంబర్ వేశావా?" అని మాత్రం అడిగారు. వేశాను.

నీళ్ల మాట ఫోన్‌లో చెప్పాను, ఎవరు చెప్పారో చెప్పలేదు. "సరే" అన్నారు. ఎడారి గారి మాటా, స్పీడ్ గారి మాటా సగం సగం విన్నట్టయింది.

కన్సల్టెంట్ మధ్యాహ్నం వచ్చారు. సి1 వైపు నుంచి కన్‌స్ట్రక్షన్ జాయింట్ దాకా రేపు వేసుకోమన్నారు, అవతలి వైపు ఆపమన్నారు. హామర్ కొట్టాం. సి1 నుంచి సి6 సగటు రీడింగ్ 38, సి13 నుంచి సి17 సగటు 31. నా చేతుల్లోనే తేడా తెలిసిపోయింది, శబ్దం కూడా వేరు. (శబ్దం మాట రిపోర్టులో రాయలేదు లెండి.)

---

స్పీడ్_స్లాబ్

38కి 31 అంటే తేడా ఉంది. నేను "30 పైనే ఉంది, క్లోజ్" అని ఉండేవాణ్ణి. రీడింగ్‌కీ ఎంపీఏకీ తేడా మర్చిపోయి.

---

తడి_క్యూబ్ (రెండు వారాల తర్వాత)

కోర్లు వచ్చాయి. క్యూబ్‌కి మార్చిన అంకెలు: సి13 27.1, సి17 25.9, సి15 23.8. సగటు 25.6.

పాస్. గీత 25.5, మాది 25.6. ఒక్కోదానికి 22.5 ఉండాలి, తక్కువది 23.8.

ఇప్పుడు కొత్త తలనొప్పి. డైరెక్టర్ గారి ఆఫీసు నుంచి, "కోర్ టెస్ట్ పాస్ అని ఒక లైన్ పంపండి, ఫైల్ మూసేద్దాం" అని మెయిల్. ఒక లైన్ నిజమే. కానీ ఆ 0.1 నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

---

స్పీడ్_స్లాబ్

పాస్ అంటే పాసే కదా. 27కి 2.1 తక్కువైతే ఫెయిల్ అని పట్టుబట్టారు, ఇప్పుడు 25.5కి 0.1 ఎక్కువైతే పాస్ అనడానికి ఎందుకు నసుగుడు? రూలు అటూ ఇటూ ఒకటే ఉండాలి.

---

సెంట్రింగ్_తాత

తమ్ముడు చెప్పింది న్యాయమే. పాస్ అనే రాయి, "కేవలం", "అతికష్టం మీద" లాంటి మాటలు వద్దు. అవి కూడా పాత "దారుణంగా" చుట్టాలే. పక్కన అంకెలు మూడూ పెట్టు, గీత పెట్టు. పాస్ 25.6, కావాల్సింది 25.5, తక్కువ కోర్ సి15లో 23.8. చదివేవాడికి దూరం కనిపిస్తుంది, నువ్వు చెప్పక్కర్లేదు. 28 రోజుల ఫలితం 24.9 ఫెయిల్ అన్న లైన్ కూడా పైన అలాగే ఉండాలి. కోర్ వచ్చిందని క్యూబ్ మారదు.

ఫైల్ మూసేది నువ్వు కాదు, ఆఫీసూ కాదు. డిజైన్ చేసినాయన ఎం25 పెట్టి ఆ ఆరు కాలమ్స్ మళ్లీ లెక్కవేయమను. ఆయన సరిపోతుంది అని సంతకం పెడితే మూయండి.

---

ఈఎంఐ_జీవి

నా పగులు సంగతి వేరే టాపిక్‌లో పెట్టాను, థాంక్స్. కానీ ఇదంతా చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. మీ బిల్డింగ్‌లో 4వ అంతస్తు కొనుక్కున్నవాళ్లకి ఎవరైనా చెప్తారా? డైరెక్టర్‌కి నిజం చెప్పారు, బాగుంది. డబ్బులు కట్టేది మేము కదా.

---

ఎడారి_ఇంజనీరు

కాలమ్ మీద ఉన్నది 4వ అంతస్తు ఒక్కటే కాదండీ, పైన ఉన్నవన్నీ. రెరా చట్టంలో స్ట్రక్చర్ లోపాలకి స్వాధీనం ఇచ్చాక 5 ఏళ్లు బిల్డర్ బాధ్యత ఉంది. కానీ ఇది లోపమా, పాసైన కాంక్రీటా? కోర్ పాసైతే చెప్పాల్సిన పని లేదని మా దగ్గరైతే అంటారు. నేను కొనేవాణ్ణి అయితే తెలుసుకోవాలనుకుంటాను. రెండూ నేనే.

---

ల్యాబ్_కోటు

మా దగ్గర బ్యాచ్ పాసై బయటికి వెళ్లాక ఓఓఎస్ చరిత్ర పేషెంట్‌కి చెప్పరు. కానీ ఇన్‌స్పెక్టర్ అడిగితే మొత్తం ఫైల్ తీసి పెట్టాలి. ఇక్కడ ఆ ఇన్‌స్పెక్టర్ ఎవరు?

---

తడి_క్యూబ్

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇక్కడ ఎవరికైనా ఉంటే రాయండి.

తాతగారు చెప్పినట్టే అంకెలతో పంపాను. డిజైనర్ నాలుగు కాలమ్స్ ఎం25తో సరిపోతాయని రాసిచ్చారు. సి15, సి16 ఇంకా చూస్తున్నారు, జాకెటింగ్ చేయాల్సి రావొచ్చట. అవతలి వైపు స్లాబ్ ఇంకా ఆగే ఉంది. సప్లయర్ బ్యాచ్ రిపోర్టు వచ్చింది, అందులో సిమెంటు, నీళ్లు మిగతా రెండు బండ్ల లాగే ఉన్నాయి. కాబట్టి కారణం దగ్గర ఇప్పటికీ "తెలియదు" అనే ఉంది. పంపు దగ్గరి ఆయన మొన్న వేరే సైట్‌కి వెళ్లిపోయాడు, ఎవరూ పంపలేదు, తనే వెళ్లాడు.

7 రోజుల రిజిస్టర్‌లో ఒక గడి కొత్తగా గీశాను, "పైకి చెప్పిన తేదీ" అని. 7వ స్లాబ్ మొదటి సగం క్యూబులవి రెండు బండ్లు బాగానే వచ్చాయి, మూడో దానికి 18.9. ఆ గడిలో తేదీ రాసి ఇప్పుడే ఇటు వచ్చాను.